తెల్లని వెలుగుకు పిడికెడు చారలు, లేజరుకు లక్షల చారలు

సబ్బునీటి బుడగ మీద ఇంద్రధనుస్సు రంగులు కదలాడటం పిల్లలూ పెద్దలూ అందరూ చూచినదే. వానకు తడిసిన రోడ్డు మీద మోటారు బండి నుంచి నూనెచుక్క కారితే అక్కడకూడా నెమలికన్ను రంగులు విప్పుకుంటవి. ఇప్పుడు మన ఇంటి కిటికీకి బిగించిన గాజుపలకను చూడండి. బుడగకు వలెనే దానికీ ముందొక ముఖం, వెనుకొక ముఖం ఉన్నవి. రెండు ముఖాల నుంచీ వెలుగు తిరిగి వస్తూనే ఉన్నది. అయినా దానిమీద రంగులు లేవు. పలుచని నూనెపొర చేసే పనిని మందపు గాజుపలక ఎందుకు చేయదు?

ఈ చిన్న ప్రశ్నకు జవాబు తెలిస్తే, మీటరు కొలబద్దను వెలుగుతో కొలవటానికి పూర్వం పడిన పాటు అర్థమవుతుంది. నేడు కంటి ఆసుపత్రిలో మన ముసలివాళ్ళ కంటి లోపలి పొరలను తాకకుండా ఎట్లా కొలుస్తున్నారో కూడా అర్థమవుతుంది. అందుచేత కొంచెం ఓపికగా, ఒక్కొక్క మెట్టే ఎక్కుదాము.

చారలు ఎట్లా పుడతవి?

వెలుగు నీటి అలల వలె ఎత్తుపల్లాలతో సాగుతుందని బడిలో చదువుకున్నాము. ఒక ఎత్తు నుంచి మరుసటి ఎత్తుకు ఉన్న దూరమే అల పొడవు. ఇది చాలా చిన్నది. మిల్లీమీటరును పదిలక్షల భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటరు అవుతుంది. ఎర్రని వెలుగు అల పొడవు సుమారు 630 నానోమీటర్లు, ఆకుపచ్చది 500 పైచిలుకు, ఊదారంగుది 420 ప్రాంతం.

ఒకే దీపపు వెలుగును రెండు పాయలుగా చీల్చి, రెండు బాటల వెంట పంపి, మళ్ళీ ఒకచోట కలిపినామనుకోండి. రెండు బాటలూ సరిసమానమైతే ఎత్తు మీద ఎత్తు పడి వెలుగు హెచ్చుతుంది. ఒక బాట అర అల పొడవు ఎక్కువైతే ఎత్తు మీద పల్లం పడి చీకటి అవుతుంది. పూర్తిగా ఒక అల ఎక్కువైతే మళ్ళీ వెలుగు. ఈ విధంగా బాటల తేడా పెరుగుతున్నకొద్దీ వెలుగూ చీకటీ ఒకదాని వెంట ఒకటి చారలుగా వస్తవి. బుడగలో ముందు ముఖం నుంచి తిరిగినది ఒక పాయ, వెనుక ముఖం నుంచి తిరిగినది రెండవ పాయ.

ఈ పనిని చక్కగా చేసి చూపే పరికరాన్ని 1881లో ఆల్బర్ట్ మైకెల్సన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు కట్టినాడు. దానిలో ముఖ్యమైనవి ఒక గాజుపలక, రెండు అద్దాలు. గాజుపలకకు పలుచని వెండిపూత ఉంటుంది. అది వెలుగులో సగాన్ని ఒక అద్దం వైపు పోనిచ్చి, సగాన్ని రెండవ అద్దం వైపు మళ్ళిస్తుంది. రెండు పాయలూ తమ తమ అద్దాలకు తగిలి తిరిగివచ్చి, అదే పలక దగ్గర కలిసి మన కంటికి చేరుతవి. ఒక అద్దాన్ని సన్నని మరచుట్ల స్క్రూతో ముందుకూ వెనుకకూ జరపవచ్చును. రెండవదాన్ని వెంట్రుకవాసి వంచి పెడితే, చూపు మేర ఒక ప్రక్క నుంచి రెండవ ప్రక్కకు బాటల తేడా క్రమంగా మారుతుంది. అందువల్ల చారలు నిలువుగా ప్రక్కప్రక్కనే కనబడతవి.

ఒకే గుమ్మం నుంచి బయలుదేరినవారి అడుగులు

ఇక అసలు సంగతి. తెల్లని వెలుగు ఒక్క రంగు కాదు. ఎరుపు నుంచి ఊదా వరకు అన్ని రంగులూ దానిలో కలిసి ఉన్నవి. ప్రతి రంగూ తన అల పొడవు ప్రకారం తన చారలను తాను వేసుకుంటుంది. ఒక రంగు చారల సంగతి మరొక రంగుకు పట్టదు.

దీనిని అడుగులతో పోల్చి చూడండి. ఒకే గుమ్మం నుంచి తండ్రి, తాత, పిల్లవాడు వీధి వెంట నడక మొదలుపెట్టినారు. తండ్రి అడుగు 75 సెంటీమీటర్లు, తాత అడుగు 60, పిల్లవాడి అడుగు 50. గుమ్మం దగ్గర ముగ్గురి పాదాలూ ఒకే గీత మీద ఉన్నవి. తండ్రి మొదటి అడుగు 75 దగ్గర పడేసరికి పిల్లవాడు సరిగా తన ఒకటవ అడుగుకూ రెండవ అడుగుకూ నడుమ ఉంటాడు. 150 దగ్గర తండ్రి పాదం, పిల్లవాడి పాదం కలుస్తవి గాని అక్కడ తాత రెండున్నర అడుగుల మీద ఉంటాడు. 300 దగ్గర ముగ్గురూ మళ్ళీ కలుస్తారు. ముగ్గురే కాబట్టి ఆ మాత్రమైనా కలిసినారు. 50కీ 75కీ నడుమ ఉన్న ప్రతి కొలతకూ ఒక మనిషి చొప్పున ఊరు ఊరంతా నడిచినదనుకోండి. గుమ్మం దగ్గర తప్ప వారి పాదాలన్నీ ఒకే గీత మీద పడటం మళ్ళీ ఎన్నడూ జరగదు. నాలుగడుగులు దాటగానే వీధిలో ఎక్కడ చూచినా ఎవరిదో ఒక పాదం ఉంటుంది.

ఇక్కడ గుమ్మం అంటే రెండు బాటలూ సమానమైన స్థానం. గుమ్మం నుంచి దూరం అంటే బాటల తేడా. తండ్రి ఎరుపు, తాత ఆకుపచ్చ, పిల్లవాడు ఊదా. సమానస్థానం దగ్గర అన్ని రంగుల నడిమిచారా ఒకే చోట పడుతుంది. అందుచేత అక్కడ చార స్పష్టంగా, రంగు లేకుండా ఉంటుంది. వెండిపూత తీరును బట్టి అది తెల్లగానో నల్లగానో ఉంటుంది. దానికి ఇరుప్రక్కలా మూడు నాలుగు రంగుల చారలు వస్తవి. ఒక్కొక్కటీ ముందుదానికంటె మసకగా ఉంటుంది. ఆ తరువాత ఏమీ లేదు, అంతా ఒకే తెలుపు.

ఏమీ లేదన్నది కంటికి తోచే మాట. నిజానికి అక్కడ చారలు పోలేదు, ఒకదానిమీద ఒకటి పడి కప్పుకుపోయినవి. బాటల తేడా 6,300 నానోమీటర్లు ఉన్నచోటును తీసుకుందాము. 630 పొడవు గల ఎరుపు అల అక్కడికి సరిగా 10 అలలు వేసినది, కాబట్టి ఎరుపు వెలుగుగా ఉన్నది. 6,300ను 11, 12, 13, 14, 15లతో భాగించి చూస్తే సుమారు 573, 525, 485, 450, 420 వస్తవి. ఆ అయిదు రంగులూ కూడా అక్కడ వెలుగుగానే ఉన్నవి. వాటి నడుమనున్న 600, 548, 504, 467, 434 ప్రాంతపు రంగులు మాత్రం ఆరిపోయినవి. ఆరు రంగులు వెలిగి అయిదు రంగులు ఆరితే మన కన్ను ఆ కలగలుపును తెలుపుగానే చూస్తుంది.

కాని ఆ తెల్లని వెలుగును ఒక పట్టకం గుండా పంపి రంగులను విడదీస్తే గుట్టు బయటపడుతుంది. ఎరుపు నుంచి ఊదా వరకు పరచుకున్న రంగులపట్టీ మీద ఆ అయిదు చోట్లా అయిదు నల్లని గీతలు అడ్డంగా కనబడతవి. బాటల తేడాను ఇంకా పెంచితే ఆ గీతలు సంఖ్యలో పెరిగి సన్నబడతవి. ఈ మాటను గుర్తుంచుకోండి, చివర దీనితో పని ఉన్నది.

పొందిక దూరం

బాటల తేడా ఎంతవరకు పెరిగినా చారలు స్పష్టంగా నిలుస్తవో ఆ దూరాన్ని శాస్త్రజ్ఞులు కొహెరెన్స్ లెంగ్త్ అంటారు. మనం పొందిక దూరం అందాము. దాని లెక్క తేలికే. నడిమి అల పొడవును అంతటితో గుణించి, ఆ వెలుగులో అతి పెద్ద అల పొడవుకూ అతి చిన్నదానికీ ఉన్న తేడాతో భాగించాలి. అలల్లో తేడా ఎంత ఎక్కువైతే పొందిక అంత తొందరగా చెడుతుందని దీని భావం.

తెల్లని వెలుగుకు నడిమి పొడవు 550, తేడా 300 అనుకుంటే పొందిక దూరం సుమారు 1,000 నానోమీటర్లు వస్తుంది. అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. ఇది గోడ కట్టినట్లు హఠాత్తుగా ఆగే హద్దు కాదు, చారలు క్రమంగా మసకబారే దూరానికి ఒక అంచనా. రంగులను వేరుచేసి గుర్తించగలదు కాబట్టి మన కన్ను మరి రెండు మూడు చారలను పట్టుకోగలదు, అంతే.

మొదట అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉన్నది. బుడగ పొర మందం వందల నానోమీటర్లలో ఉంటుంది, కాబట్టి అది తెల్లని వెలుగు పొందిక దూరంలోనే ఇమిడిపోతుంది. కిటికీ గాజు 4 మిల్లీమీటర్లు ఉంటే, వెలుగు దానిలో పోయి రావటం వల్లనూ, గాజులో వెలుగు నిదానించటం వల్లనూ బాటల తేడా 12 మిల్లీమీటర్ల వరకు అవుతుంది. అది పొందిక దూరానికి 12,000 రెట్లు. ఇక రంగులు ఎక్కడివి?

కళాశాలల ప్రయోగశాలలో ఉండే పసుపుపచ్చని సోడియం దీపం సంగతి వేరు. దానిలో ముఖ్యంగా రెండే అలలు ఉన్నవి. ఒకటి 589.0, రెండవది 589.6 నానోమీటర్లు. వెయ్యి అడుగులకు ఒక్క అడుగు మాత్రమే తేడా వచ్చే ఇద్దరు సిపాయిల వంటివి ఇవి. సుమారు 490 చారలు దాటేవరకు రెండూ కలిసి నడిచి, అక్కడ ఒకదాని వెలుగు మీద రెండవదాని చీకటి పడటం వల్ల చారలు మాయమవుతవి. ఇంకొక 490 చారలు దాటితే రెండూ మళ్ళీ కలిసి చారలు తేటగా వస్తవి. అద్దాన్ని జరుపుతూ చూచే విద్యార్థికి ప్రతి 0.29 మిల్లీమీటరుకు ఒకసారి చారలు పోయి వస్తూ ఉంటవి. ఈ కొలతతోనే ఆ రెండు అలల తేడాను విద్యార్థులు లెక్కకడతారు.

మీటరును కొలిచిన కథ

1892లో మైకెల్సన్‌ను పారిస్ దగ్గరి సెవ్ర్ అనే ఊరిలో ఉన్న అంతర్జాతీయ తూనికలు, కొలతల కార్యాలయం పిలిచినది. ప్రపంచానికంతటికీ ప్రమాణమైన మీటరు అక్కడ ఒక ప్లాటినం, ఇరిడియం మిశ్రలోహపు కడ్డీగా ఉండేది. కడ్డీ చెడిపోయినా, పోయినా మీటరుకు ఆధారం ఏమిటి? వెలుగు అల పొడవు ఏ దేశంలోనైనా ఒకటే కాబట్టి, మీటరులో ఎన్ని అలలు పడతవో లెక్కపెట్టి ఉంచితే చాలును. ఇదీ ఆయనకు అప్పగించిన పని.

ఒక్క రంగు వెలుగు తీసుకుని అద్దాన్ని మీటరు దూరం జరిపి, దాటిన చారలను లెక్కపెట్టరాదా అని మనకు తోచవచ్చును. రెండు అడ్డంకులు ఉన్నవి. అద్దం మీటరు జరిగితే వెలుగు పోయి రావాలి కాబట్టి బాటల తేడా రెండు మీటర్లవుతుంది, దాటే చారలు 31 లక్షలు. అన్నిటిని కంటితో లెక్కించటం మనిషి వల్ల కాదు. రెండవది మరింత గట్టి అడ్డంకి. రెండు మీటర్ల తేడాకు నిలిచే దీపం ఆనాడు లేనే లేదు.

ఎందుకు లేదు? దీపంలోని పరమాణువులు వేడికి అన్ని దిక్కులా పరుగెత్తుతూ వెలుగునిస్తవి. మనవైపు వచ్చేదాని అల కొంచెం పొట్టిగా, అవతలికి పోయేదాని అల కొంచెం పొడుగుగా మనకు చేరుతుంది. ఒకదానినొకటి ఢీకొన్నప్పుడు అల వరుస తెగిపోతుంది. అందుచేత ఒక్క రంగు అనిపించినదానిలో కూడా అనేక అలలు కలిసి ఉంటవి. మైకెల్సన్ అనేక లోహాల వెలుగులను, వాయువుల వెలుగులను పరీక్షించి, చారలు ఎంత దూరం వరకు నిలుస్తున్నవో చూచినాడు. అన్నిటిలో కాడ్మియం అనే లోహపు ఎర్రని వెలుగు మేలైనదని తేలినది. దాని అల పొడవు 643.8 నానోమీటర్లు. దాని చారలు 20 సెంటీమీటర్ల బాటల తేడా వరకు కంటికి ఆనుతవి, అంటే 10 సెంటీమీటర్ల పొడవును దానితో కొలవవచ్చును. అంతకు మించి దానినీ నమ్మటానికి లేదు.

అందుచేత ఆయన తొమ్మిది కొలతచట్రాలు చేయించినాడు. ఒక్కొక్క చట్రం మీద ముందొకటి, వెనుకొకటి, మెట్టువలె, రెండు సమాంతరమైన అద్దాలు ఉంటవి. పెద్దదాని పొడవు 10 సెంటీమీటర్లు. దానిలో సగం ఇంకొకటి, అందులో సగం మరొకటి, ఈ విధంగా చివరిది 0.39 మిల్లీమీటరు మాత్రమే. ఆ చిట్టి చట్రం ఒక్కదానిలోనే చారలను ఒకటొకటిగా లెక్కపెట్టినారు. సుమారు 1,212 వచ్చినవి.

తరువాత దానిని రెండింతల చట్రంతో పోల్చాలి. ఇక్కడే తెల్లని వెలుగు అక్కరకు వచ్చినది. రెండు చట్రాలనూ ప్రక్కప్రక్కన ఉంచి, ముందు అద్దాలు రెండూ ఒకే వరుసలో ఉన్నవా అని తెల్లని వెలుగుతో చూస్తారు. రెండింటిలోనూ రంగులేని నడిమిచార ఒకే చోట కనబడితే వరుస కుదిరినట్లే. ఎందుకంటే ఆ చార సమానస్థానంలో తప్ప మరెక్కడా రాదు. అప్పుడు చూపే అద్దాన్ని చిన్న చట్రం వెనుక అద్దం వరకు జరుపుతారు. చేరినట్లు గుర్తు మళ్ళీ ఆ తెల్లచారలే. పిమ్మట చిన్న చట్రాన్ని దాని పొడవంత వెనుకకు జరిపి, ముందు అద్దాన్ని ఆ గుర్తుకు చేరుస్తారు. ఇప్పుడు చిన్నదాని వెనుక అద్దం పెద్దదాని వెనుక అద్దంతో దాదాపు సమానమవుతుంది. మిగిలిన కొద్ది తేడా చారలను బట్టి తెలుస్తుంది. దర్జీ మూరబద్దను బట్ట మీద రెండుసార్లు వేసినట్లే ఇది.

రెండింతలు చేసినప్పుడల్లా లోపం కూడా రెండింతలు కావాలి గదా అనవచ్చును. అందుకే ప్రతి మెట్టు మీదా ఆ చట్రంలో పూర్తి అలల పైన మిగిలిన భాగాన్ని కాడ్మియం వెలుగులో మళ్ళీ కొలిచినారు. ఖాతాపుస్తకంలో ఒక పుట మొత్తాన్ని మరుసటి పుటకు ఎత్తివ్రాసుకున్నప్పుడు మళ్ళీ సరిచూచుకున్నట్లు, లోపం ముందుకు పోకుండా అక్కడికక్కడే ఆగిపోయినది. చివరకు 10 సెంటీమీటర్ల చట్రాన్ని మీటరు కడ్డీ వెంట పదిసార్లు వేసి మీటరులో 15,53,163.5 ఎర్రని అలలు అని తేల్చినారు. కొన్నేళ్ళకు బెన్వా, ఫాబ్రి, పెరో అనే ముగ్గురు వేరొక పద్ధతిలో కొలిస్తే 15,53,164.13 వచ్చినది. పదిహేను లక్షలకు తేడా ఒక్క అల కూడా లేదు. 1907లో మైకెల్సన్‌కు నోబెల్ బహుమానం వచ్చినది.

ఈ పనిలో రెండు వెలుగులూ రెండు కొలువులు చేసినవి. ఎన్ని అలలో లెక్క చెప్పినది కాడ్మియం, ఎక్కడ మొదలు, ఎక్కడ చివర అని చెప్పినది తెల్లని వెలుగు. తెల్లని వెలుగుకు చారలు కొద్దిగా ఉండటం లోపం కాదు, అదే దాని ఉపయోగం.

తెల్లచారలను వెదకటంలో చిక్కులు

చారలు కొద్ది కాబట్టి వాటిని పట్టుకోవటం కష్టం. అద్దం వెయ్యవ వంతు మిల్లీమీటరు జరిగేలోపల అవి వచ్చి వెళ్ళిపోతవి. స్క్రూను తొందరగా తిప్పితే రెప్పపాటులో దాటిపోయినవని కూడా తెలియదు. అందుచేత మొదట సోడియం దీపంతోనే పని మొదలుపెడతారు. అప్పుడు కనబడే వంపు చారలు సమానస్థానం దగ్గరకు వచ్చేకొద్దీ నిటారు అవుతవి, దానిని దాటితే వంపు ఎదురు ప్రక్కకు తిరుగుతుంది. వంపు తిరిగేచోటును గుర్తుపట్టి, అక్కడ దీపం మార్చి తెల్లని వెలుగు పెట్టి, స్క్రూను మెల్లగా త్రిప్పితే చారలు దొరుకుతవి.

ఇంకొక చిక్కు కూడా ఉన్నది. వెలుగును చీల్చే గాజుపలకలో ఒక పాయ మూడుసార్లు, రెండవ పాయ ఒక్కసారి దాటుతుంది. గాజులో ఎరుపుకంటె ఊదారంగు నిదానంగా పోతుంది కాబట్టి, ఒక్కొక్క రంగుకు సమానస్థానం ఒక్కొక్క చోట పడుతుంది. అంటే తండ్రీ, తాతా, పిల్లవాడూ వేర్వేరు గుమ్మాల నుంచి బయలుదేరినట్లవుతుంది. అప్పుడు నడిమిచార స్పష్టంగా రాదు. దీనికి విరుగుడుగా రెండవ పాయ దారిలో అంతే మందం గల రెండవ గాజుపలకను అడ్డం పెడతారు. సోడియంతో చారలు చక్కగా వచ్చి, తెల్లని వెలుగుతో ఎంత వెదకినా తేటగా రాకపోతే మొదట అనుమానించవలసినది ఈ పలకనే.

లేజరు వచ్చిన తరువాత

1960లో మీటరును క్రిప్టాన్ అనే వాయువు వెలుగు అలలతో నిర్వచించినారు. అదే సంవత్సరం మే నెలలో అమెరికాలో థియొడోర్ మైమన్ మొట్టమొదటి లేజరును వెలిగించినాడు. మామూలు దీపంలో ప్రతి పరమాణువూ తన ఇష్టం వచ్చినప్పుడు తన వెలుగు తాను విడుస్తుంది. లేజరులో వెలుగు రెండు అద్దాల నడుమ అటూ ఇటూ తిరుగుతూ, ఇతర పరమాణువులను తన అలతో అడుగు కలిపి వెలుగునిచ్చేటట్లు చేస్తుంది. ఆ అద్దాల నడుమ సరిగా ఇమిడే అలలే నిలిచి బలపడతవి, తక్కినవి పోతవి. ఇది కవాతు నేర్చిన పటాలం వంటిది.

కళాశాలల్లో సాధారణంగా వాడే హీలియం, నియాన్ లేజరు అల పొడవు 632.8 నానోమీటర్లు. దాని పొందిక దూరం మామూలుగా 20 సెంటీమీటర్ల ప్రాంతం, అంటే మూడు లక్షల చారలు. అదే లేజరును ఒక్క అల మీద స్థిరంగా నిలబెట్టితే పొందిక దూరం 300 మీటర్ల వరకు పెరుగుతుంది, చారలు 47 కోట్లు దాటుతవి. తెల్లని వెలుగుకు ఏడెనిమిది చారలు.

అయితే లేజరు అన్న పేరు ఒక్కటే హామీ కాదు. 30 సెంటీమీటర్ల గొట్టంలో దగ్గర దగ్గరగా ఉన్న రెండు మూడు అలలు కూడా ఇమడవచ్చును. అప్పుడు సోడియం దీపంలో జరిగినదే ఇక్కడా జరుగుతుంది. బాటల తేడా 30 సెంటీమీటర్లకు వచ్చేసరికి చారలు మసకబారి, 60 దగ్గర మళ్ళీ తేటపడతవి. చారలు పోగానే అద్దం వంకర అయినదని దానిని త్రిప్పటం మొదలుపెడితే పని చెడుతుంది. అద్దాన్ని ముట్టుకోకుండా కొంతసేపు చూడాలి. లేజరు వెలిగించి కొద్దిసేపే అయితే, గొట్టం వేడెక్కుతూ సాగుతుంది కాబట్టి చారలు తమంతట తామే తేటపడుతూ మసకబారుతూ ఉంటవి. అట్లా జరిగితే తప్పు అద్దానిది కాదు, లేజరులోని అలలది.

లేజరు చారలకు పుట్టుకతోనే ఒక కొరత ఉన్నది. అన్ని చారలూ ఒకే తీరు. మైలురాళ్ళన్నీ ఉన్నవి గాని ఒక్కదానిమీదా అంకె లేదు. లెక్కించేటప్పుడు ఎవరైనా చేయి అడ్డం పెడితే, ఆ క్షణంలో ఎన్ని దాటినవో ఇక తెలియదు. తెల్లచారల్లో అయితే రంగులేని నడిమిచార సున్న అంకె వేసిన రాయి వంటిది. ఎంత తప్పిపోయినా అక్కడికి తిరిగిరావచ్చును.

కంటి ఆసుపత్రిలో

ఈ కొద్ది చారల గుణమే నేడు కంటి ఆసుపత్రిలో పనిచేస్తున్నది. మధుమేహం ఉన్న పెద్దవాళ్ళకు కంటి వెనుక తెరను పరీక్షించటానికి గడ్డం ఆనించి ఒక వెలుగు వైపు చూడమంటారు. అదే ఓ.సీ.టీ. పరీక్ష. 1991లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థకు చెందిన డేవిడ్ హువాంగ్, జేమ్స్ ఫూజిమోటో మొదలైనవారు దీనిని ప్రకటించినారు. కంటి పరీక్షలో వాడే వెలుగు ఇంచుమించు కంటికి కనబడనిది. అల పొడవు 840 నానోమీటర్లు, అలల తేడా 50 అనుకుందాము. మన లెక్క ప్రకారం పొందిక దూరం 14,000 నానోమీటర్లు. వెలుగు లోపలికి పోయి రావాలి కాబట్టి లోతులో అది సగమే, 7,000 నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యింట 7 వంతులు. కంటి తెర మందం పావు మిల్లీమీటరు ప్రాంతం. దానిలోని పొరలను ఇంత సన్నని కొలతతో ఒకదాని నుంచి ఒకటి విడదీసి చూడవచ్చును.

20 సెంటీమీటర్ల పొందిక దూరం గల లేజరును ఒకే అల మీద ఉంచి ఇక్కడ వాడితే ఏమవుతుంది? కంటిగుడ్డు ముందు నుంచి వెనుకకు సుమారు 24 మిల్లీమీటర్లే. ముందు పొర, వెనుక పొర, నడిమివి అన్నీ ఒకేసారి చారలు వేస్తవి. ఏ చార ఏ లోతుదో తెలియదు.

మొదటి యంత్రాల్లో అద్దాన్ని జరుపుతూ ఒక్కొక్క లోతు దగ్గర చారలను వెదికేవారు. తరువాతి యంత్రాల్లో చాలావాటిలో అద్దం కదలదు. తిరిగివచ్చిన వెలుగును రంగులుగా విడదీసి, ఆ పట్టీ మీద అడ్డంగా పడిన నల్లని గీతలను చదువుతారు. ఇందాక పట్టకం దగ్గర మనం గుర్తుంచుకున్నవి ఈ గీతలే. లోతుగా ఉన్న పొర ఎక్కువ గీతలను, సన్నగా వేస్తుంది. పైనున్న పొర తక్కువ గీతలను, వెడల్పుగా వేస్తుంది. లెక్కయంత్రం ఆ గీతలను లెక్కకట్టి పొరల బొమ్మను గీస్తుంది. తెరలో నీరు చేరి ఉబ్బితే మందం ఎంత పెరిగినదో అంకెలతో సహా వైద్యునికి తెలుస్తుంది.

తెలుపులో కలిసిపోయి కంటికి కనబడకుండా పోయిన చారలు నిజంగా పోలేదు. విడదీసి చూస్తే ఒక్కొక్కటీ తన లోతును తాను చెబుతుంది.